ఖాళీ కాని ఇంటిని చూపించడం ఎలా?

సి.బెళగల్‌లో బదిలీల కాలం వచ్చిందంటే, అద్దెకున్న టీచరో సచివాలయం ఉద్యోగో "వచ్చే నెల ఖాళీ చేస్తామన్నా" అంటారు. ఆ మాట చెవిన పడగానే ఓనరుకు ఒకటే దిగులు, ఒక్క నెల అద్దె కూడా పోకూడదని. అలాంటి ఓనర్లకు కొన్ని సలహాలు.

1. ముందుగా చెప్పొద్దు. చెబితే వాళ్లు ఇల్లు సర్దుకుంటారు. పక్కబట్టలు, ఆరేసిన లుంగీలు చూడకుండా కొత్తవాళ్లు ఇల్లు నచ్చిందో లేదో ఎట్లా చెబుతారు?

2. "రెండు నిమిషాలేనమ్మా" అనండి. కుళాయి తిప్పి, అటక చూసి, బీరువా ఎక్కడ పడుతుందో జానలతో కొలిచేసరికి అరగంట. ఆ తర్వాత మంచినీళ్లు కూడా అడగొచ్చు.

3. అందరికీ కుదిరే వేళ పెట్టండి. ఇది కాస్త కష్టం. పొద్దున ఏడుకు ఆ ఇంట్లో స్నానాలు, క్యారియర్లు. మధ్యాహ్నం ఎండకు కొత్తవాళ్లు రారు, వచ్చినా తలుపుకు తాళం. సాయంత్రం ఆరుకు పిల్లల చదువు. సరే, అందరూ ఇంట్లో ఉండేది ఆదివారం సాయంత్రం కదా అంటారా? 4.30 నుంచి 6 దాకా రాహుకాలం. ఇల్లు చూసేవాళ్లు గుమ్మం దాటరు. చివరికి మిగిలేది ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు. అందుకే మనం ఏ వేళా పెట్టం, ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తే అప్పుడే బయల్దేరతాం.

4. "వద్దు" అంటారని భయపడొద్దు. వాళ్ల అడ్వాన్సు మన దగ్గరే ఉంది.

నిజం చెప్పాలంటే మన ధైర్యమంతా ఆ అడ్వాన్సే. "చూపించొచ్చా?" అని అడుగుతాం కానీ, కాదనే వీలు వాళ్లకు ఉంచం. అద్దెకున్నప్పుడు దీన్నే తిట్టుకున్నవాళ్లం, సొంతిల్లు కట్టుకోగానే మరిచిపోతాం.

5. చట్టం జోలికి పోవద్దు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దె సరిగ్గా కడుతున్నవారికి గడువు తీరేదాకా ఆటంకం లేకుండా ఉండే హక్కుంది. ఇంటి స్థితి చూడటానికి ఓనరు సబబైన వేళల్లో రావచ్చు. కొత్తవాళ్లను వెంటేసుకు రావచ్చని మాత్రం అందులో రాయలేదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టమైతే, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలపాలంటుంది. ఇల్లు చూపించే షరతు కావాలంటే అగ్రిమెంటులో ముందే రాసుకోవాలి. ఆ కాగితం రాసుకునేది ఎవరు?

ఇవేవీ నచ్చకపోతే శనివారం పొద్దున్నే ఇట్లా ఒక మెసేజీ పెట్టండి: "సార్, రేపు పది, పదకొండు మధ్య ఇద్దరు ఇల్లు చూడటానికి వస్తారు. నేను వెంట ఉంటాను. పడకగది మీరు చూపిస్తేనే చూస్తాం. కుదరకపోతే మీకు వీలైన గంట చెప్పండి." తర్వాత, వాళ్లు చెప్పిన గంటకే వెళ్లండి.