లిఫ్ట్ పనిచేయదు, సహకరించగలరు

లిఫ్ట్ ఆగిన మొదటి రోజు ఎవరూ ఏమీ అనరు. రెండో రోజు నుంచి సెక్రటరీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. మూడో రోజు ఆ ఫోన్ల బాధ తప్పించుకోవడానికి నోటీసు పుడుతుంది. మన అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ నోటీసు మెట్లెక్కే వాళ్ల కోసం పుట్టదు, ఫోనెత్తే వాళ్ల కోసం పుడుతుంది. కమిటీలో కూర్చున్న నేనూ అందుకే రాస్తాను. కొత్తగా కమిటీలోకి వచ్చేవాళ్ల కోసం ఆ విద్యలోని మెళకువలు కొన్ని చెబుతాను.

కారణం అడిగితే "సాంకేతిక లోపం" అనండి

అంతకు మించి చెబితే జనానికి విషయం అర్థమైపోతుంది. ఉదాహరణకి పుల్లీ అరిగిందనుకుందాం. మెషిన్ రూములో మోటారు తిప్పే పెద్ద ఇనప పుల్లీ మీద ఒక్కో రోప్‌కి ఒక్కో గాడి ఉంటుంది. రోప్ ఆ గాడిని పట్టుకుని ఉండబట్టే లిఫ్ట్ కదులుతుంది. గాడి అరిగితే రోప్ లోపలికి దిగిపోతుంది, పట్టు తప్పి జారుతుంది. పక్క నుంచి చూస్తే రోపులన్నీ ఒకే ఎత్తులో కనబడవు. కిందవాళ్లకి తెలిసే గుర్తు ఇంకోటుంది: లిఫ్ట్ గుమ్మానికి సమంగా కాకుండా కాస్త పైకో కిందికో ఆగుతుంది. నాలుగో అంతస్తు మామ్మగారు "కాలు తట్టుకుంటోంది నాయనా" అని ఎప్పుడో చెప్పే ఉంటారు. మనం "చూసి నడవండి మామ్మగారూ" అనే ఉంటాం.

అరిగిన పుల్లీ మీద కొత్త రోపులు వేస్తే అవీ తొందరగా పాడవుతాయి కాబట్టి రెండూ కలిపి మార్చాలి. ఇది చదివినవాడికి ఇది ఒక పూటలో అయ్యే పని కాదని తెలిసిపోతుంది. అందుకే రాయకూడదు.

తేదీ మాత్రం వెయ్యకండి

"వీలైనంత త్వరలో" అన్న మాటకి ఎక్స్‌పైరీ ఉండదు. మరీ ఒత్తిడి చేస్తే లిఫ్ట్ కంపెనీ వాళ్లు చెప్పిన "పదిహేను రోజులు" అన్న మాటని అలాగే దింపేయండి. ఏ రోజు నుంచి పదిహేను, ఏ రోజులు పదిహేను అని మాత్రం వాళ్లని అడక్కండి.

అడిగితే ఏమవుతుందో 2025 ఆగస్టు క్యాలెండరు పెట్టుకుని చూద్దాం. నాలుగో తేదీన మెకానిక్ వచ్చి చూశాడు. ఆరున కొటేషన్ వచ్చింది. కమిటీ ఒప్పుకుని సగం డబ్బు అడ్వాన్సుగా కట్టేసరికి పదకొండు. కంపెనీ లెక్క ఆ రోజు మొదలవుతుంది, లిఫ్ట్ ఆగిన రోజు కాదు. పైగా వాళ్లు చెప్పింది పదిహేను పనిరోజులు. పదిహేనో తేదీ స్వాతంత్ర్య దినం, మధ్యలో రెండు ఆదివారాలు, ఇరవై ఏడున వినాయక చవితి. అవన్నీ తీసేస్తే సామాను చేరేది ఆగస్టు 30న. మర్నాడు మళ్లీ ఆదివారం. బిగించడానికి రెండు రోజులు, పరీక్షకి ఒక రోజు వేసుకుంటే సెప్టెంబరు 3. అది కూడా అంతా అనుకున్నట్టు జరిగితేనే. పైనున్న వాళ్లు మాత్రం నాలుగో తేదీ నుంచే లెక్కపెట్టి పంతొమ్మిదికల్లా లిఫ్ట్ వచ్చేస్తుందనుకుంటారు.

పరీక్ష రోజుని ఎగ్గొట్టే ఆలోచన చాలామందికి వస్తుంది. ఆరుగురు పట్టే లిఫ్ట్‌లో 408 కిలోలని రాసి ఉంటుంది. దానికి పాతిక శాతం ఎక్కువ, అంటే 510 కిలోల బరువులు పెట్టి బ్రేకు ఆగుతోందో లేదో, రోప్ జారుతోందో లేదో చూడాలి. ఆ బరువులకి బదులు మనుషుల్ని ఎక్కించి చూసే కమిటీలున్నాయి.

ఇక్కడ ఎకసెక్కం పక్కన పెట్టి ఒక మాట. తేదీ కావాలని పెద్దవాళ్లు మనల్ని నిలదీయడానికి అడగరు. వాళ్లు తేల్చుకోవలసింది ఒకటే: ఉండాలా, కూతురింటికి వెళ్లాలా. నాలుగు రోజులైతే ఓపిక పడతారు. నెలైతే మందులూ బట్టలూ సర్దుకుని మొదటి రోజే వెళ్లిపోతారు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషికి వాయిదా అన్నది ఉండదు. "త్వరలో" అని రాస్తే ఆ ఇంట్లో ఎవరూ ఏదీ తేల్చుకోలేరు. కంపెనీ చెప్పింది ఫలానా, అడ్వాన్సు కట్టింది ఫలానా రోజు, మా అంచనా ఫలానా, మళ్లీ కబురు చెప్పేది శుక్రవారం. ఈ నాలుగు ముక్కలు చాలు. తేదీ తప్పితే శుక్రవారం నాడే చెప్పవచ్చు.

"వృద్ధులు వాచ్‌మన్‌ను సంప్రదించగలరు" అని రాసి చేతులు దులుపుకోండి

వాచ్‌మన్ ఒక్కడు. మోటారు వెయ్యాలి, గేటు చూడాలి, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఇంటింటికీ మొయ్యాలి. గ్యాస్ బండ సంగతి సరేసరి. ఇంత పనిలో ఉన్న మనిషిని పాలప్యాకెట్ కోసం పిలవడానికి పెద్దవాళ్లకి మనసొప్పదు. "ఎందుకులే బాబూ, నేనే మెల్లిగా దిగుతా" అంటారు.

అందుకే నిజంగా సాయం చెయ్యాలనుకుంటే వాళ్లు పిలిచేదాకా ఆగకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. వాచ్‌మన్ వెళితే ఆ పనికి వేరే డబ్బివ్వాలి. ప్రతి అంతస్తులో దారికి అడ్డం రాకుండా ఒక కుర్చీ, మెట్ల మీద వెలిగే లైటు ఉండాలి. రక్త పరీక్షలకి శాంపిల్ తీసే మనిషే ఇంటికి వస్తాడు.

తప్పనిసరిగా కిందికి దించవలసి వస్తే ప్లాస్టిక్ కుర్చీ వద్దు, దాని కాళ్లు విరుగుతాయి. గట్టి చెక్క కుర్చీ తీసుకుని, మనిషి మొహం కిందికి దిగే వైపు ఉండేలా కూర్చోబెట్టి, నడుముకి చున్నీ కట్టాలి. బలమైనవాడు పైమెట్టు మీద నిలబడి కుర్చీ వీపుని పట్టుకుని కాస్త వెనక్కి వాల్చాలి. రెండోవాడు కింద ముందు కాళ్లు పట్టుకోవాలి. మూడోవాడు మెట్లు చెబుతూ ముందు నడవాలి. అవసరం వచ్చిన అర్ధరాత్రి కాకుండా ముందే ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఒక అంతస్తు దించి చూసుకోవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవాళ్లని నడిపించకుండా 108కి ఫోన్ చేసి, లిఫ్ట్ లేదని ముందే చెప్పాలి.

నోటీసు గ్రౌండ్ ఫ్లోర్‌లో లిఫ్ట్ తలుపు మీదే అంటించండి

కిందికి దిగలేని వాళ్లకి అది కనబడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టినా చాలు. ఆ గ్రూపులో ఉండేది అమెరికాలో ఉన్న ఫ్లాటు ఓనరు, అద్దెకున్న మాస్టారు కాదు.

చివర "మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిది" అని చేర్చండి

ఇది రాసేవాళ్లు సాధారణంగా మొదటి అంతస్తులో ఉంటారు.

అడ్వాన్సు కట్టేముందు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల వాటా సంగతి లేవనెత్తండి

ఒక వారం హాయిగా గడిచిపోతుంది.

లిఫ్ట్ బాగయ్యాక "సహకరించినందుకు ధన్యవాదాలు" అని పెట్టి అన్నీ మరిచిపోండి

కొత్త రోపులు కొన్ని వారాల్లో కాస్త సాగుతాయనీ, అన్నిటి బిగువూ సమం చెయ్యడానికి ఒక పూట లిఫ్ట్ ఆపాలనీ ఎవరికీ చెప్పకండి. ఏఎంసీ కాగితం కూడా తీసి చూడకండి. చూస్తే అందులో ఆయిలు, గ్రీజు, లేబరే ఉన్నాయనీ, రోప్, పుల్లీ, మోటారు మినహాయింపని చిన్న అక్షరాల్లో ఉందనీ తెలుస్తుంది. వచ్చే ఏడు కాంప్రహెన్సివ్‌కి మారదామా, లేక నెలనెలా కొంత పక్కన పెడదామా అని మీటింగు పెట్టవలసి వస్తుంది. దానికన్నా పాత నోటీసు దాచుకోవడం సుఖం. మళ్లీ ఆగినప్పుడు అదే అంటించవచ్చు. తేదీ ఎలాగూ వెయ్యలేదు కాబట్టి దిద్దే పని కూడా ఉండదు.