జీరో–హీరో: ఖాజాగూడ మంగళవారానికి కొన్ని చిట్కాలు

ఖాజాగూడ, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి వైపు ఉద్యోగం చేస్తూ, జీతం పడిన రెండో రోజే బ్రోకర్ యాప్‌లోకి డబ్బు పంపించే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ చిట్కాలు. నిఫ్టీ వీక్లీ ఆప్షన్ల గడువు ఒకప్పుడు గురువారం తీరేది. 2025 సెప్టెంబరు నుంచి మంగళవారం తీరుతోంది. కాబట్టి మీరు ముందుగా చేయాల్సిన పని, మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఏదో ఒక మీటింగులో ఇరుక్కోవడం. కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, ఆఫీసు లాప్‌టాప్‌కి ఫోన్ ఆనించుకుని కూర్చోండి. మేనేజరు మీ పేరు పిలిచే నిమిషమూ నిఫ్టీ నలభై పాయింట్లు జారే నిమిషమూ ఒకటే అవుతుంది. అలవాటైపోతుంది లెండి.

గడువు రోజే ఎందుకంటారా? సరుకు చవక కాబట్టి. నిఫ్టీ 25,000 దగ్గర ఉంది, మార్కెట్ ఏడాదికి 12 శాతం ఊగిసలాట అంచనా వేస్తోంది అనుకుందాం. అయిదు ట్రేడింగ్ రోజులు మిగిలి ఉన్నప్పుడు 25,000 కాల్ సుమారు 170 రూపాయలు. గడువు రోజు పొద్దున్న 75. మధ్యాహ్నం రెండింటికి 37. మూడింటికి 21. వారం ముందు 170 పెట్టి కొన్నవాణ్ణి చూసి జాలిపడండి. అదే కాల్ మీకు 37కే వస్తోంది. మిగతా 133 రూపాయలు పోయింది కాలం ఖాతాలోకనీ, మీరు కొంటున్న 37 కూడా మరో గంటన్నరలో అదే దారి పట్టాల్సిందేననీ గుర్తు చేసే మిత్రుడుంటే వాణ్ణి గ్రూపులోంచి తీసేయండి.

అసలు ఆకర్షణ గామా. డెల్టా అంటే నిఫ్టీ ఒక పాయింటు కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పే అంకె. 25,000 కాల్‌కి అది దాదాపు సగం. ఆ డెల్టాయే ఎంత తొందరగా మారిపోతుందో చెప్పేది గామా. వారం ముందు నిఫ్టీ 50 పాయింట్లు పెరిగితే డెల్టా 0.50 నుంచి 0.55కి పాకుతుంది. గడువు రోజు రెండింటికి అదే 50 పాయింట్లకు 0.70 అవుతుంది. మూడింటికైతే 0.82 దాటుతుంది. అంటే మీ వైపు నడిచేకొద్దీ ఆప్షన్ ఇంకా వేగంగా పెరుగుతుంది. యాప్‌లో ఆకుపచ్చ అంకె నిమిషంలో రెట్టింపవుతుంది. ఎదురు తిరిగితే డెల్టా అంతే వేగంగా కరిగిపోతుందన్నదీ ఇదే లెక్క, కానీ దాని స్క్రీన్‌షాట్ ఎవరూ పెట్టరు. కాబట్టి లేదనే అనుకోండి.

ఇప్పుడు అసలు ట్రేడు. లెక్కలు 2025 అక్టోబరు నాటివి, అప్పటికి నిఫ్టీ లాట్ 75. రెండింటికి నిఫ్టీ సరిగ్గా 25,000. మీరు 37 రూపాయల 25,000 కాల్ వైపు చూడకండి. ఇంకా చవగ్గా ఉన్న 25,050 కాల్ తీసుకోండి. సుమారు 17 రూపాయలు. పది లాట్లకు 12,750. ఖాజాగూడలో పీజీ అద్దె కట్టి, టీ, బిర్యానీలు పోను జీతంలో మిగిలేది కూడా దాదాపు అంతే కదా.

రెండూ ఇరవైకి నిఫ్టీ 25,060కి ఎక్కింది. ఆప్షన్ 38. మీ 12,750 ఇరవై నిమిషాల్లో 28,500. ఇక్కడ అమ్మేయడం పిరికివాళ్ళ పని, 100 వస్తుందని టెలిగ్రామ్ గ్రూపులో చెబుతున్నారు. రెండూ నలభై అయిదుకి నిఫ్టీ మళ్ళీ 25,000కే వచ్చింది. మీరు కొన్నప్పుడు ఎక్కడుందో అక్కడే. ఆప్షన్ మాత్రం 17 దగ్గర లేదు, 8 దగ్గర ఉంది. నిఫ్టీ ఎక్కడికీ పోలేదు, మీ డబ్బులో సగం పైగా పోయింది. ముప్పావుగంట కాలం తినేసింది. దాన్ని థీటా అంటారు. గడువు రోజు గామా ఎంత ఎక్కువుంటే థీటా కూడా అంత ఎక్కువుంటుంది, రెండూ ఒకే ప్రీమియంలోంచి వస్తాయి. ఇది పాఠ్యపుస్తకం మాట. మీకెందుకు?

ఇప్పుడు యావరేజ్ చేయండి. 8 చొప్పున మరో పది లాట్లు. సగటు కొనుగోలు ధర పన్నెండున్నరకు దిగుతుంది, చూడ్డానికి ఎంతో హాయిగా ఉంటుంది. అసలు రాబట్టుకోవాలంటే నిఫ్టీ 25,062 పైన ముగియాలి. ముప్పావుగంటలో 62 పాయింట్లు. పైన అనుకున్న ఊగిసలాట లెక్కలో అలా జరిగే అవకాశం ఆరింట ఒకటి. ఆ ఒకటీ మీదే అని నమ్మండి.

మరో చిక్కు ఉంది. దీన్ని తెలుసుకోకుండా ఉండటానికి కొంత ప్రయత్నం కావాలి. నిఫ్టీ ఆప్షన్ల సెటిల్‌మెంట్ మూడున్నరకి స్క్రీన్ మీద కనిపించిన చివరి అంకె మీద జరగదు. ఇండెక్స్‌లోని షేర్ల చివరి అరగంట సగటు ధరలతో లెక్కగట్టిన ముగింపు అంకె మీద జరుగుతుంది. మూడూ ఇరవై అయిదుకి నిఫ్టీ ఒక్కసారిగా 25,080కి ఎగిరినా, అంతకుముందు అరగంటలో ఎక్కువ సేపు 25,000 చుట్టూ తిరిగి ఉంటే సగటు 25,050 దాటదు. మీ కాల్ సున్నా. ఆ చివరి అయిదు నిమిషాల ఎగురుడు చూసి కొనేవాళ్ళు ప్రతివారం ఉంటారు. వాళ్ళకి అమ్మేవాళ్ళకు సగటు లెక్క వస్తుంది, అంతే తేడా.

కొనడం మీద విరక్తి పుట్టినవాళ్ళకు అమ్మడం ఉంది. "పది ట్రేడుల్లో తొమ్మిది లాభమే అన్నా" అంటాడు పక్క క్యూబికల్ తమ్ముడు. అబద్ధమేం కాదు. అదే రెండింటికి అదే 25,050 కాల్‌ని రెండు లాట్లు 17కి అమ్మండి. చేతికి 2,550 వస్తుంది. నిఫ్టీ పెరక్కపోతే మొత్తం మీదే. దానికి బదులుగా మీరు పూచీ పడింది 37.5 లక్షల విలువైన నిఫ్టీకి. ఇలాంటి పొజిషన్ల మీద సెబీ 2024 నవంబరు 20 నుంచి గడువు రోజు మరో 2 శాతం మార్జిన్ అదనంగా వేసింది. దాన్ని వేధింపుగా తీసుకోండి, హెచ్చరికగా తీసుకోకండి.

ఖాజాగూడ గుట్టల మీద రాళ్ళెక్కడానికి వచ్చే పిల్లలు ముందు కింద మందపాటి పరుపు పరుచుకుంటారు. మీకా అవసరం లేదు. ఇక్కడ పరుపంటే 25,150 కాల్‌ని కొని పెట్టుకోవడం. ఆ రెండింటికి దాని ధర సుమారు 2 రూపాయలు, రెండు లాట్లకు 300. అది ఉంటే నిఫ్టీ ఎంత ఎగిరినా నష్టం యూనిట్‌కి 85 రూపాయల దగ్గర ఆగిపోతుంది. 300 మిగుల్చుకోండి. రెండూ నలభైకి ఏదో వార్త వచ్చి నిఫ్టీ 25,150కి పోయిందనుకోండి. పెరిగింది 0.6 శాతమే. మీరు 17కి అమ్మిన కాల్ 102. నష్టం 12,750, మీరు ఆశించిన మొత్తానికి అయిదింతలు. పైగా ఇప్పుడు డెల్టా 0.9 దాటింది. రెండింటికి నిఫ్టీ పది పాయింట్లు పెరిగితే యూనిట్‌కి మూడు రూపాయలు పోయేది, ఇప్పుడు తొమ్మిది పోతుంది. తప్పు దిద్దుకోవడానికి పట్టే సమయం మారలేదు, తప్పు ఖరీదు మూడింతలైంది. తొమ్మిది వారాల సంపాదనలో సగం పైగా పదో వారం ఎలా పోతుందని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

స్టాప్‌లాస్ పెట్టానని ధీమాగా ఉండండి. ఎన్‌ఎస్‌ఈ 2021 సెప్టెంబరు నుంచి ఆప్షన్లలో స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్లు తీసేసింది, స్టాప్‌లాస్ లిమిట్ మాత్రమే ఉంది. అందులో రెండు ధరలు చెప్పాలి: ఆర్డర్ ఎక్కడ లేవాలి, ఎక్కడి దాకా అమ్మవచ్చు. ఆ 38 రూపాయల కాల్‌కి 30 దగ్గర ట్రిగ్గర్, 29 దగ్గర లిమిట్ పెట్టండి. రూపాయి కూడా వృథా కానివ్వకండి. డెల్టా 0.5 ఉన్నప్పుడు నిఫ్టీ క్షణంలో పది పాయింట్లు జారితే ఆప్షన్ 31 నుంచి 26కి దూకుతుంది. మీ ఆర్డర్ లేస్తుంది, 29కి అమ్ముతానంటూ నిలబడుతుంది, 29కి కొనేవాడు ఉండడు. ఆర్డర్ బుక్‌లో "ఓపెన్" అని కనిపిస్తుంది. అది చూసి స్టాప్‌లాస్ పనిచేస్తోందని సంతోషించండి. ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య నాలుగైదు రూపాయల ఎడం ఇచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు కాస్త తక్కువకే అయినా బయటపడతారు. ఆ తక్కువని మీరు ఒప్పుకోకండి.

మీ ఎదురుగా కొంటున్నది, అమ్ముతున్నది కూడా మీలాంటి ఖాజాగూడ తమ్ముడే అనుకోవడం ఆరోగ్యానికి మంచిది. 2025 జూలై 3న సెబీ జేన్ స్ట్రీట్ అనే అమెరికా సంస్థ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2024 జనవరి 17, అప్పట్లో బ్యాంక్ నిఫ్టీ గడువు రోజు. పొద్దున్న ఆ సంస్థ బ్యాంకు షేర్లను, ఫ్యూచర్లను భారీగా కొని ఇండెక్స్‌ని నిలబెట్టిందనీ, అదే సమయంలో ఆప్షన్లలో పడిపోవడం మీద అంతకన్నా పెద్ద పొజిషన్ తీసుకుందనీ, తర్వాత కొన్నవాటిని అమ్మేసిందనీ సెబీ ఆరోపణ. ఆ ఒక్క రోజు ఆప్షన్లలో సుమారు 735 కోట్ల లాభమని లెక్క చూపింది. మొత్తం 4,843 కోట్లు జప్తు చేయాలంది. సంస్థ ఆరోపణలను ఖండించి ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. నిజానిజాలు అక్కడ తేలతాయి. మీరు మాత్రం ఆ పొద్దున్న బ్యాంక్ నిఫ్టీ నిలబడటం చూసి కాల్ కొన్నవాడి ధైర్యాన్ని ఆదర్శంగా తీసుకోండి.

చివరి చిట్కా ఆదాయపు పన్ను గురించి. 2024–25లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 91 శాతం మంది నష్టపోయారనీ, అందరి నికర నష్టం కలిపి 1.05 లక్షల కోట్లు దాటిందనీ సెబీ అధ్యయనం చెప్పింది. మీరు ఆ 91లో ఉంటే సిగ్గుపడి రిటర్న్‌లో చూపించకండి. చూపిస్తే ఐటీఆర్–3 వేయాలి, అది పొడుగ్గా ఉంటుంది. గడువులోగా వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ళ పాటు ముందుకు తీసుకెళ్ళి వ్యాపార లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు, వేయకపోతే ఆ హక్కూ పోతుంది. జీతంలోంచి మాత్రం ఎలాగూ తగ్గించుకోలేరు. మంగళవారం ఎంత పోగొట్టుకున్నా, జీతం మీద పన్ను పూర్తిగా కట్టాల్సిందే.