పదిహేనో తారీకు ఉన్నట్టా, లేనట్టా?

నా స్టీలు సామాన్ల కొట్టు గోడకి, మనిషి తల ఎత్తున, ‘ఆఖరు తేదీ’ అని జానెడు అక్షరాలతో రాసిన అట్ట వేలాడుతోంది. దానికే తల ఆనించి నిలబడి తణుకు జనం పన్నెండు రోజులుగా నన్నడుగుతున్న ప్రశ్న ఒక్కటే. “ఏవండీ, దీనికి ఆఖరు తేదీ ఎప్పుడండీ?”

కొట్టు పెట్టి పాతికేళ్లయింది కదా, డ్రా తీసి ఒక బహుమతి ఉచితంగా ఇద్దామనుకోవడం నా తప్పు. మొదట రాసిన ప్రకటన మూడే ముక్కలు: చీటీ వేయండి, డ్రా తీస్తాం, బహుమతి పట్టుకెళ్లండి. ఇప్పుడది పదకొండు నిబంధనలైంది. ఒక్కో నిబంధన వెనకా ఒక్కో మనిషి ఉన్నాడు. నేరస్తుల ఫోటోల్లా వాళ్ల మొహాలన్నీ నాకు కళ్ల ముందు మెదులుతుంటాయి.

మొదటి మనిషి మా తోడల్లుడు. కోర్టులో నల్లకోటు. నేను ‘రూ.500 కొన్నవారికి ఒక చీటీ’ అని రాస్తే, కాగితం చూసి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. “అన్నయ్యా, అమ్మకాలు పెంచుకోడానికి లాటరీలు, అదృష్టం పోటీలు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. నేరుగా పెంచినా, చుట్టు తిప్పి పెంచినా ఒకటే.” మరేం చెయ్యమంటావంటే, కొన్నా కొనకపోయినా చీటీ వేయనిమ్మన్నాడు. అప్పుడైనా చిక్కు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదట. ఫలితం దాచిపెట్టినా అదే చట్టం కింద తప్పేనట, కాబట్టి ప్రకటన అంటించిన చోటే గెలిచినవాళ్ల పేరూ అంటించమన్నాడు. ఫ్రిజ్ ఇద్దామనుకున్న నా గొప్పని కూడా అతనే దించాడు. బహుమతి పదివేలు దాటితే నూటికి ముప్పై పన్నుందట. ఆ పన్ను కట్టారని చూసుకున్నాకే వస్తువు చేతికివ్వాలట. గెలిచినమ్మని ఎదురు డబ్బులడిగితే ఆవిడ ఫ్రిజ్ నా నెత్తి మీదే పెడుతుంది. అలా రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండరు దగ్గర ఆగాను.

అక్కడికి బాగానే ఉంది. ‘అక్టోబరు 1 నుంచి 15 వరకు’ అని రాశాను చూడండి, అక్కడ మొదలైంది నా పతనం.

“పదిహేనో తారీకు ఉన్నట్టా లేనట్టా?” అన్నాడు ఎదురు మందుల కొట్టాయన. వరకు అంటే ఉన్నట్టే కదండీ అన్నాను. “మోకాళ్ల వరకు నీళ్లొచ్చాయంటాం. మోకాళ్లు తడిసినట్టా, తడవనట్టా?” అన్నాడు. నేను జీవితంలో ఎన్నో వానలు చూశాను గానీ ఈ సంగతి గమనించలేదు. సరే, ‘దాకా’ అని మార్చాను. ఆయన వదల్లేదు. అత్తిలి దాకా వెళ్లొచ్చానంటే ఊళ్లోకి వెళ్లినట్టా, పొలిమేర నుంచే తిరిగొచ్చినట్టా? పీకల దాకా తిన్నానంటే పీకలో ఉన్నట్టా, దాని కిందే ఆగినట్టా? ‘లోపు’ అని పెడితే, పదిహేను లోపంటే పద్నాలుగే కదాని పక్క కిరాణా ఆయన. ‘లోగా’ అంటే అంతకన్నా అనుమానం. ‘నాటికి’ అన్నాను. అదేదో వర్ధంతి ప్రకటనలా ఉందంది మా ఆవిడ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంత పెద్ద భాష, అవధానాలు చేసిన భాష, పదిహేనో తారీకుని లోపల పెట్టాలో బయట పెట్టాలో తేల్చుకోలేదా? తెల్లారి మా తోడల్లుడికి ఫోన్ చేశాను. అతను పరమానందపడ్డాడు. ఇలాంటి సందేహాల కోసమే 1897లో జనరల్ క్లాజెస్ యాక్టు అని ఒకటి చేశారట. అందులో తొమ్మిదో సెక్షను ప్రకారం ‘నుంచి’ అంటే మొదటి రోజు పోతుంది, ‘వరకు’ అంటే చివరి రోజు ఉంటుంది. పదిహేను దక్కిందని నేను గెంతబోతుంటే, “అంటే ఒకటో తారీకు పోయింది” అన్నాడు. ఒకటో తారీకున అప్పటికే ఏడు చీటీలు పడ్డాయి! అది పార్లమెంటు చట్టాలు చదువుకునే పద్ధతే గానీ గిన్నెల కొట్టు కాగితానికి వర్తించదని అతను తర్వాత చెప్పాడు. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా.

చివరికి ఇలా రాశాను: ‘అక్టోబరు 1న ఉదయం 9 గంటలకు పెట్టె తెరిచాం. అక్టోబరు 15న రాత్రి 8 గంటలకు మూసేస్తాం. ఆ రెండు రోజుల్లో కూడా చీటీలు వేయవచ్చు.’ నుంచి లేదు, వరకు లేదు. హాయిగా ఉంది. “ఎనిమిదంటే ఎవరి గడియారం?” అన్నాడు మందుల కొట్టాయన. మా కొట్టు గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తుందని బజారంతటికీ తెలుసు. దాన్ని దింపి సరిచేయించి, ‘కొట్టులోని గడియారం ప్రకారం’ అని ఐదో నిబంధన కలిపాను.

మిగతావి చకచకా పుట్టాయి. ఒకాయన తన పేరు, భార్య పేరు, రెండేళ్ల బుడ్డోడి పేరు కలిపి ఆరు చీటీలు తెచ్చాడు. పద్దెనిమిదేళ్లు నిండాలి, ఒక ఫోన్ నంబరుకి ఒక్కటే చీటీ అన్నాను. పెట్టెకి టేపు చుట్టి, దాని మీద సాక్షులుగా ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల చేత సంతకాలు చేయించాను. డ్రా 17న సాయంత్రం, అందరి ముందూ. మూడు చీటీలు తీస్తాం. మొదటివాళ్లు వారం రోజుల్లో రాకపోతే రెండో చీటీ, వాళ్లూ రాకపోతే మూడోది. గ్రైండరు బదులు డబ్బులివ్వం. ‘మా ఇంట్లో గ్రైండరుంది, కుక్కరిస్తారా?’ అని ఇంకా చీటీ కూడా వేయనావిడ అడిగింది.

తొమ్మిదో నిబంధన మాత్రం మా పెద్ద బావమరిది కోసం. ఐదో తారీకున వచ్చి చీటీ రాస్తూ, “మన చేతిలో పనేగా బావా” అని కన్ను కొట్టాడు, నలుగురు చూస్తుండగా. ఆ సాయంత్రమే రాయించాను: ‘కొట్టు యజమాని, పనివారు, వారి కుటుంబ సభ్యులు అర్హులు కారు.’

ఆ అట్ట రాసింది మా కొట్లో కుర్రాడు చంటి. చదవని జనానికి రోజంతా పదకొండు నిబంధనలూ అప్పజెప్పేదీ వాడే. నిన్న కొట్టు కట్టేస్తుంటే తాళం పట్టుకుని నిలబడ్డాడు. “బాబుగారూ, ఒకటో తారీకున మా అమ్మ పేరు మీద ఒకటేశానండి. అప్పటికి తొమ్మిదో రూలు లేదండి. వస్తే పక్కన పెట్టేయండి.”

వాళ్లమ్మ పొద్దుటే అట్లు పోసి అమ్ముతుంది. పిండి రుబ్బురోట్లోనే రుబ్బుతుంది. ఆవిడ చేతికి ఆ బొబ్బలు నేను చూశాను, చిల్లర తీసుకునేటప్పుడు.

మధ్యలో రూలు కలిపితే ముందు వేసినవాళ్లకి వర్తిస్తుందా అని తోడల్లుణ్ణి అడగాలనుకున్నాను. ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టాను. ఆవిడ పేరే వస్తే, చూశావా పనోళ్లకే ఇచ్చుకున్నాడని మందుల కొట్టాయన పాతికేళ్లు చెప్పుకుంటాడు. తీసి పక్కన పెడితే ఎవరూ ఏమీ అనరు, చంటి కూడా. ఐదో తారీకున ఆ అట్ట వాడికిచ్చి రాయమన్నప్పుడు, వాడు ఒక్క క్షణం స్కెచ్ పెన్ మూత తీయకుండా ఆగాడు. సిరా అయిపోయిందేమో అనుకున్నాను.

పెట్టె మూయడానికి ఇంకా రెండు రోజులుంది. పదిహేనో తారీకు కలిపితే మూడు.