చేనికి, పొలానికి

ఐదో తరగతి చదివే ఒక పిల్ల చేత మూడు నెలలు రెండో తరగతి బొమ్మల కథలు చదివించాను. ఆ పిల్లకు చదవడం బాగా వచ్చు. రాదని తేల్చింది నేను. తేల్చడానికి నాకు ఆధారం ఒక ఖాళీల కాగితం, నూటికి 28 అనే ఒక అంకె.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, ఆదివారం పూట మా అరుగు మీద ఊరి పిల్లలకు కథల పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టాను. ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలన్నదే చిక్కు. తరగతిని బట్టి ఇస్తే సగం మంది పుస్తకం మధ్యలో వదిలేస్తున్నారు. పైకి చదివించి చూస్తే, గడగడా చదివినవాళ్లకు కూడా కథ తెలియడం లేదు. అప్పుడు నాకు క్లోజ్ టెస్ట్ గుర్తొచ్చింది. ఇంగ్లీషు పాఠాలకు ఎన్నోసార్లు పెట్టిన పరీక్షే.

1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ దీన్ని ప్రతిపాదించాడు. పాఠంలో ప్రతి ఐదో మాటా తీసేసి ఖాళీ ఉంచుతారు. చదువుతూ ఆ ఖాళీలను పూరించాలి. అర్థం తెలుస్తూ పోతేనే తర్వాత రాబోయే మాట మనసుకు తడుతుంది కాబట్టి, ఎన్ని ఖాళీలు నిండాయన్నది ఆ పాఠం ఆ పిల్లవాడికి ఎంతవరకు అందిందో చెబుతుంది. టేలర్ వరకు అది పాఠం సులువా కష్టమా అని కొలిచే పద్ధతి. తర్వాత పిల్లవాడికి తగిన పాఠం ఏదో చూడడానికి కూడా వాడారు. 1960లలో జాన్ బోర్ముత్ ఈ మార్కులను మామూలు ప్రశ్నల పరీక్షతో పోల్చాడు. ఖాళీల్లో నూటికి 44 వచ్చినవాళ్లకు ప్రశ్నల్లో 75, ఖాళీల్లో 57 వచ్చినవాళ్లకు ప్రశ్నల్లో 90 వస్తున్నాయని తేల్చాడు. వాటినే ఉపాధ్యాయులు గుండ్రం చేసుకుని, 60 దాటితే పిల్లవాడు సొంతంగా చదువుకోగలడనీ, 40 నుంచి 60 మధ్య ఉంటే పక్కన ఒకరు ఉండి చదివించాలనీ, 40 లోపైతే ఆ పుస్తకం బరువనీ వాడుకుంటూ వచ్చారు. పాఠంలో ఉన్న మాటే రాయాలి, దానికి సాటి మాట రాసినా మార్కు లేదు. అక్షర దోషాలను మాత్రం పట్టించుకోరు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇది ఇంగ్లీషు పాఠాల మీద, ఇంగ్లీషు చదివే పిల్లల మీద తేలిన లెక్క అన్నది ఒక్కటే గుర్తు రాలేదు.

ఐదో తరగతి వాచకం స్థాయిలో 250 పైచిలుకు మాటల కథ ఒకటి నేనే రాశాను. మొదటి వాక్యం, చివరి వాక్యం ముట్టుకోకుండా మధ్యలో ప్రతి ఐదో మాటా తీసేశాను. దాని మొదలు ఇలా ఉంది:

“తాత తెల్లవారకముందే లేచి ఎద్దులకు కుడితి పెట్టాడు. తరువాత నాగలి భుజాన వేసుకుని ____ బయలుదేరాడు. దారిలో వాగు నిండుగా ____. ఎద్దులు నీళ్లలోకి దిగడానికి భయపడి ____. తాత వాటి మెడ నిమిరి ____ నడిపించాడు.”

నేను తీసేసిన మాటలు చేనికి, పారుతోంది, ఆగిపోయాయి, ముందుకు. ఆ పిల్ల రాసినవి పొలానికి, వస్తోంది, నిలబడ్డాయి, మెల్లగా. నాలుగింటికీ ఎర్ర సిరాతో సున్నాలు పెట్టాను. కాగితం దిద్దుతుంటే పక్కనే నిలబడి, “చేనికన్నా పొలానికన్నా ఒకటే కదా మేస్టారూ?” అని అడిగింది. “కథలో ఉన్న మాటే రాయాలమ్మా” అన్నాను. యాభై ఖాళీల్లో పద్నాలుగు సరిపోయాయి. నూటికి 28 కాబట్టి ఈ పాఠం ఈమెకు బరువు అనుకున్నాను. నాలుగో తరగతి పాఠమో మూడో తరగతి పాఠమో ఇచ్చి మళ్లీ చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. పునాది నుంచి గట్టిపరుద్దామని నేరుగా రెండో తరగతి పుస్తకాలు చేతిలో పెట్టాను.

ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, “ఇది మా చెల్లి సదివేసింది మేస్టారూ” అంది. నేను వినిపించుకోలేదు. తర్వాత అట్ట కనపడకుండా పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని చదవడం చూశాను. అదీ పట్టించుకోలేదు. మూడో నెల దాటాక రెండు ఆదివారాలు రాలేదు.

ఏమైందోనని వాళ్ల ఇంటికి వెళ్లాను. గుమ్మం దగ్గర కూర్చుని వాళ్ల మామ్మకు డ్వాక్రా సంఘం పుస్తకం చదివి చెబుతోంది. అందులో ఉన్నది తీర్మానాల భాష. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, వాయిదా తప్పితే ఏం చేయాలని తీర్మానించారు, వచ్చే నెల ఎవరి వంతు అన్నవి ఒక్కో వాక్యమూ నాలుగైదు వరసల పొడవున ఉన్నాయి. ఆ పిల్ల ఒక వాక్యం చదివి, ఆగి, దాన్ని మామ్మ మాటల్లోకి మార్చి చెబుతోంది. ఎక్కడా పొరపడలేదు. “నాకు కళ్లు ఆనవు బాబూ. సంగం పుస్తకం ఇదే సదివి సెప్తాది” అంది మామ్మ.

ఆ రాత్రి పాత కాగితం తీసి మళ్లీ చూశాను. నేను కొట్టేసిన ముప్పై ఆరింటిలో ఇరవై ఒకటి అర్థానికీ వాక్యానికీ చక్కగా అమరిన మాటలు. వాటిని ఒప్పుకుంటే యాభైకి ముప్పై అయిదు. అంటే 70.

ఎక్కడ పొరపాటు జరిగిందో ఆ కాగితమే చూపించింది. ఇంగ్లీషులో ‘ది’, ‘ఆఫ్’, ‘టు’, ‘ఇన్’ లాంటి చిన్న మాటలు విడివిడిగా ఉంటాయి. ప్రతి ఐదో మాటా తీస్తే ఎన్నో ఖాళీలు వాటి మీదే పడతాయి. అక్కడ పట్టే మాట చాలావరకు ఒక్కటే కాబట్టి పిల్లలు సులువుగా రాసేస్తారు. ఆ సులువైన మార్కులు కూడా కలిసే ఆ 44, 57 వచ్చాయి. తెలుగులో ఆ పనంతా కి, లో, తో లాంటి ప్రత్యయాలు చేస్తాయి. అవి మాటకే అతుక్కుని ఉంటాయి. అందుకని తెలుగులో ఖాళీ ఎక్కువగా బరువైన నామవాచకం మీదో క్రియ మీదో పడుతుంది. ఆ మాటే ఉన్నదున్నట్టు రాయాలంటే పెద్దవాళ్లకూ కష్టమే. పైగా ఐదు మాటలకొకటి తీస్తే మిగిలిన నాలుగింటిలో ఆధారం చాలదు. ప్రత్యయాన్ని మాత్రం కాగితం మీద ఉంచి మిగతాది తీద్దామని కూడా చూశాను. పొలం ‘పొలాని’గా, ఇల్లు ‘ఇంటి’గా మారిపోయే భాషలో గీత ఎక్కడ గీయాలో తెలియలేదు.

సాటి మాటలు ఒప్పుకోవద్దన్న నియమానికి కారణం ఉంది. ఎవరు ముందు, ఎవరు వెనుక అని వరస కట్టడానికి రెండు పద్ధతుల్లోనూ పెద్ద తేడా రాదు. ఉన్న మాటనే లెక్కిస్తే దిద్దేవాళ్ల ఇష్టాయిష్టాలకు చోటుండదు. వరస కట్టడానికి అది చాలు. నాకు కావలసింది వరస కాదు, ఈ పిల్లకు ఈ పుస్తకం అందుతుందా లేదా అన్నది.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. పిల్లలు చదవని పాత వాచకాల నుంచి ఒక్కో తరగతికి రెండు పాఠాలు తీసుకుంటాను. ఒకటి పొలాల గురించైతే రెండోది రైలు గురించో సముద్రం గురించో ఉండేట్టు చూస్తాను. తెలిసిన విషయమైతే పాఠం అందకపోయినా ఖాళీలు నిండుతాయి. ఒక్కో పాఠంలో 190 మాటల దాకా తీసుకుని, మొదటి, చివరి వాక్యాలు వదిలేసి, ఏడో మాటకొకటి చొప్పున 24 ఖాళీలు పెడతాను. తీసిన మాట పొడవును బట్టి ఊహించకుండా అన్ని గీతలూ ఒకే పొడవు గీస్తాను. ముందు నాలుగు ఖాళీలు కలిసి పూరించి చూపిస్తాను. తర్వాత పాఠమంతా ఒకసారి చదివాకే రాయమంటాను. టైము పెట్టను.

దిద్దేటప్పుడు జవాబులను మూడు రకాలుగా విడదీస్తాను. అర్థమూ అమరి, ప్రత్యయమూ అమరితే ఒప్పు. ‘పొలానికి బయలుదేరాడు’ అలాంటిది. ‘పొలంలో బయలుదేరాడు’ అని రాస్తే, విషయం తెలిసింది కానీ వాక్యం చివరిదాకా చూపు పోలేదని అర్థం. ‘బడికి బయలుదేరాడు’ అని రాస్తే వాక్యం కుదిరింది కానీ భుజాన ఉన్న నాగలిని మరిచిపోయింది, కథ జారిపోయింది. మార్కు కన్నా ఈ మూడు కుప్పలే నాకు ఎక్కువ చెబుతున్నాయి. మూడో కుప్ప పెరుగుతుంటే ఒక తరగతి కిందకి దిగి మళ్లీ చూస్తాను. రెండో కుప్ప పెరిగితే పుస్తకం మార్చను, పక్కన కూర్చుని చదివిస్తాను.

ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి కథ చెప్పమంటాను. ఎందుకంటే చాలా ఖాళీలు ఆ వాక్యంలోని ఆధారంతోనే నిండుతాయి. నేను రాసిన ఆ కథలో ఒక అబ్బాయి దాదాపు అన్నీ సరిగ్గా పూరించాడు. తాత చివరికి ఎందుకు వెనక్కి తిరిగాడో మాత్రం చెప్పలేకపోయాడు. వాక్యాలు అందాయి కానీ వాటి మధ్య లంకె అందలేదు. ఈ పరీక్షకు ఆ లంకె సరిగ్గా కనపడదు. ఇంకా కూడబలుక్కుని చదివే ఒకటి, రెండు తరగతుల పిల్లలకు దీన్ని పెట్టడమే మానేశాను. వాళ్లకు రాయడమే ఒక పరీక్ష.

ఆ పిల్ల ఇంటికి మళ్లీ వెళ్లి, తప్పు నాదని మామ్మ ముందే చెప్పాను. మరుసటి ఆదివారం వచ్చింది. ఐదో తరగతి పాఠంలో 24 ఖాళీలకు ఉన్న మాటే రాసినవి ఎనిమిది. పాత లెక్కలో 33, అంటే మళ్లీ బరువే. అమరినవన్నీ కలిపితే పందొమ్మిది. కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఆరో తరగతి పుస్తకం ఒకటి ఇచ్చి పంపాను.

వెళ్లే ముందు పాత కాగితం చూపించి, “వాగు నిండుగా వస్తోంది అని ఎందుకు రాశావమ్మా?” అని అడిగాను. ఆ మాట మొదటి రోజే అడగవలసింది.

“పారే వాగైతే ఎడ్లు ఎందుకు బెదురుతాయి మేస్టారూ? రోజూ దిగేదే కదా. పైన వాన పడి వాగు వచ్చినప్పుడే ఆగిపోతాయి.”

కథ రాసింది నేను. ఎద్దులు ఎందుకు ఆగాయో నేను రాసిన మాటలో లేదు, నేను సున్నా పెట్టిన మాటలో ఉంది.