ఓనరు మీరే, గల్లాపెట్టె వాళ్లది

ఉద్యోగం మానేయండి, మీకు మీరే బాసు అవ్వండి అంటాయి హోటల్ ఫ్రాంచైజీ ప్రకటనలు. ఆ బాసుగారి అధికారాలేమిటో ఒప్పందం చదివితే తెలుస్తుంది. బిర్యానీ ధర ఆయన పెట్టడు. మసాలా ఆయన కలపడు, కంపెనీ పంపిన ప్యాకెట్టే చింపాలి. యాప్‌లో సగం ధరకే అని కంపెనీ ఆఫర్ పెడితే వద్దనలేడు, తన వాటా భరిస్తాడు. గోడ రంగు తనకై తాను మార్చకూడదు, వాళ్లు మార్చమంటే మార్చకుండా ఉండనూ కూడదు. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, ఫుడ్ లైసెన్సు మీద పేరు, బిర్యానీలో బొద్దింక వస్తే అధికారుల ముందు సంజాయిషీ మాత్రం అచ్చంగా ఆయనవే. ఈ విషయాల్లో ఆయన ఓనర్‌షిప్‌కి ఎవరూ అడ్డురారు.

అసలు కిటుకు రాయల్టీని లాభం మీద కాక అమ్మకం మీద లెక్కగట్టడంలో ఉంది. పంట పండినా ఎండినా కౌలు కట్టాల్సిందే అన్నట్టు. ఒక ఊహా లెక్క చూద్దాం. నెలకు 6 లక్షల అమ్మకం, అందులో సగం యాప్‌ల ద్వారా. సరుకుకి 2,10,000, అద్దెకి 70,000, జీతాలకి 1,10,000, గ్యాసుకీ కరెంటుకీ 45,000, యాప్‌ల కమీషన్‌కి పన్నుతో కలిపి సుమారు 78,000 పోతే మిగిలేది 87,000. ఇప్పుడు రాయల్టీ 6 శాతం, ప్రచారానికి 2 శాతం అంటే 48,000. దాని మీద 18 శాతం జీఎస్టీ. తిండి మీద 5 శాతం పన్ను వసూలుచేసే హోటలుకి తాను కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు లేదు కాబట్టి అదీ ఖర్చే. మొత్తం 56,640 పోయి ఓనరుకి 30,000 చిల్లర మిగులుతుంది. మొదట్లో కట్టిన ఫ్రాంచైజీ ఫీజు 5 లక్షలూ, దాని మీది పన్నూ, ఐదేళ్ల ఒప్పందానికి పంచితే నెలకు దాదాపు పదివేలు. మిగిలిన 20,000తో ఇంటీరియర్‌కి తెచ్చిన 20 లక్షల అప్పు తీర్చుకోవచ్చు, ఆయుష్షు ఉంటే.

పేరు చూసే జనం వస్తారు కదా అంటారు. రావచ్చు. ఎంతమంది రావాలన్నదే ప్రశ్న. పై లెక్కలో ఇదే హోటలు సొంత బోర్డుతో నడిస్తే, 4,72,000 అమ్మకానికే ఆ 20,000 చేతిలో మిగులుతుంది. అంటే 6 లక్షల్లో లక్షా పాతిక వేల పైచిలుకు కేవలం ఆ పేరు వల్లే రావాలి. పేరున్న పెద్ద బ్రాండు అది తేగలదేమో. నిన్నగాక మొన్న పుట్టి, రెండు శాఖలు తెరిచి, మూడోది మీకు అమ్ముతున్న బ్రాండుకి ఆ పేరెక్కడిది? రాయల్టీయే లేదని ఊరించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మసాలా ప్యాకెట్టు ధరను కిరాణా కొట్టు ధరతో పోల్చితే రాయల్టీ ఎక్కడ దాక్కుందో దొరుకుతుంది.

మా శాఖలు మూతపడవు అన్నది ఇంకో గొప్ప. ఒకాయన నష్టపోయి ఇంకొకాయనకి అమ్మేస్తే బోర్డు అక్కడే ఉంటుంది, మారేది ఓనరే. అమెరికాలో ఒప్పందానికి కనీసం 14 రోజుల ముందు, ఎన్ని శాఖలు మూతపడ్డాయో, ఎన్ని చేతులు మారాయో కాగితం మీద ఇవ్వాలని నిబంధన ఉంది. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టమే లేదు. కాబట్టి ఆ జాబితా మీరే అడగాలి, వదులుకున్నవాళ్లతో మీరే మాట్లాడాలి. పైగా అధికారం ఎవరిదో చెప్పడానికి మెక్‌డొనాల్డ్స్ కథ ఉంది. 1995 నుంచి ఉమ్మడి కంపెనీలో సగం వాటాదారుగా ఉన్న విక్రమ్ బక్షీతో తగవు ముదిరి, 2017లో మెక్‌డొనాల్డ్స్ ఉత్తర, తూర్పు భారతంలోని 169 హోటళ్ల ఒప్పందం రద్దుచేసింది. సగం వాటా ఉన్నాయన గతి అదైతే, అయిదు లక్షలు కట్టినాయన ఏపాటి?

సొంత హోటలు స్వర్గమేమీ కాదు. మాస్టర్ అలిగి ఎదురు హోటల్లో చేరితే రుచి కూడా ఆయన వెంటే పోతుంది. వంటగది ముఖం చూడని మొదటిసారి ఓనరుకి రాసిపెట్టిన కొలతలు, శిక్షణ నిజంగా విలువైనవే. వాటికి ఒకసారి ఫీజు తీసుకోవడం న్యాయం. ఆ తర్వాత కూడా ప్రతి ప్లేటులో వాటా కావాలంటే, అమ్మకంలో కాక లాభంలో తీసుకోమని అడిగి చూడండి. ఓనర్లు లాభం దాచేస్తారని వాళ్ల అభ్యంతరం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లదే, సరుకు వాళ్లదే, అద్దె ఒప్పందం నకలు వాళ్ల ఫైల్లోనే ఉంటుంది, ఇక దాచడానికి ఓనరు దగ్గర మిగిలేదేమిటి? లాభం ఖాయమని బ్రోచర్లో అచ్చేసినవాళ్లకి ఆ లాభంలో వాటా తీసుకోవడానికి అంత జంకెందుకో, సంతకానికి ముందే చెప్పించుకోవాలి.