ముందు ఫొటోలెక్కడున్నాయో అడగరా అబ్బాయ్!

మా రోజుల్లో సిస్టం ఫార్మాట్ అంటే షాపులో ఒక పూట పని. ఇప్పటి కుర్రాళ్లకి అరగంట చాలు. పెన్‌డ్రైవ్ గుచ్చడం, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టడం, ఫోన్‌పే చూపించడం. మధ్యలో కస్టమర్‌ని ఒక్క ముక్క అడిగితే ఒట్టు.

ఎక్స్‌పీ కాలంలో మేం హార్డ్‌డిస్క్ ఊడదీసి, వెనక జంపర్ స్లేవ్‌కి మార్చి, షాపు సిస్టానికి తగిలించి, కావలసినవన్నీ కాపీ చేసుకున్నాకే ఫార్మాట్ జోలికెళ్లేవాళ్లం. ‘సామానంతా డీ డ్రైవ్‌లో పెట్టుకోండి’ అని చెబితే జనం బుద్ధిగా తలూపి, మళ్లీ డెస్క్‌టాప్ మీదే పడేసేవాళ్లు. ఆ డెస్క్‌టాప్ ఉండేది సీలోనే కదా! అయినా ఆ డిస్కులు మంచివి. క్విక్ ఫార్మాట్ కొడితే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టికే పోయేది, ఫైళ్లు అక్కడే ఉండేవి. వెంటనే ఆపితే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు లాగేవాళ్లం. ఇప్పటి ఎస్‌ఎస్‌డీకి ఆ దయ లేదు. ఫార్మాట్ అవుతూనే ‘ఈ చోటు ఖాళీ’ అని విండోస్ దానికి ట్రిమ్ కబురు పంపుతుంది, అది లోపల నిజంగానే తుడిచేసుకుంటుంది. అంటే మా కాలంకన్నా ఇప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఉన్నదేమో తక్కువ.

మొన్న కొత్తగా పెళ్లయిన ఓ అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆన్ చేస్తే విండోస్ రాదు, రీస్టార్ట్ మీద రీస్టార్ట్. మా అన్నయ్య కొడుకు చంటి అప్పుడే పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకున్నాడు.

“ఆగరా. అమ్మా, ఇందులో ఏమున్నాయి?”

“పెళ్లి ఫొటోలండీ. డెస్క్‌టాప్ మీద.”

“ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్?”

“అందులో మా తమ్ముడు సినిమాలెక్కించుకున్నాడండీ.”

చంటి మొహం చూడాలి!

ఎస్‌ఎస్‌డీ తీయించి, యూఎస్‌బీ కేస్‌లో పెట్టించి షాపు సిస్టానికి తగిలిస్తే, బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. “మేమెప్పుడూ తాళం వెయ్యలేదండీ” అంటుంది. వాళ్లు వెయ్యక్కర్లేదు, ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అవగానే అదే పడిపోతుంది. ఆ కీ అదే అకౌంట్‌లో దాగుంటుంది. ఆ మొదటి లాగిన్ చేసి ఇచ్చింది బావగారట. ఆయనకి ఫోన్ కొట్టి, ఓటీపీ చెప్పించుకుని, కీ పట్టాం. అది దొరక్కపోతే డిస్కు ఎంత బాగున్నా ఫొటోలు మాత్రం లేనట్టే.

తర్వాత కాపీ. మౌస్‌తో లాగితే మధ్యలో ఎక్కడాగిందో తెలియదని, కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి నేనిది వాడతాను:

```
robocopy F:\Users\Sravya\OneDrive\Desktop\Pelli E:\Pelli /E /B /R:1 /W:1
```

చివరి రెండూ ఎందుకంటే, చెప్పకుండా వదిలేస్తే చదవలేని ఒక్క ఫైలు కోసం ఇది పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, సారికి ముప్పై సెకన్లు ఆగుతూ! అయిపోయాక కింద లెక్క వేసి చూపిస్తుంది. మొత్తం 1,846 ఫైళ్లలో 412 ఫెయిల్డ్.

“డిస్కు పోయింది బాబాయ్” అన్నాడు చంటి.

పోలేదు. ఒక ఫైలు ప్రాపర్టీస్ తెరిపించాను. సైజు 8 ఎంబీ, డిస్కు మీద ఆక్రమించింది సున్నా. వన్‌డ్రైవ్ పని అది. చోటు తగ్గినప్పుడు కొన్ని ఫొటోల్ని క్లౌడ్‌లోనే ఉంచి, ఇక్కడ పేర్లు మాత్రం మిగులుస్తుంది. పోనీ అన్నీ క్లౌడ్‌లో ఉంటాయా అంటే అదీ లేదు, ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అది నిండాక పైకి ఎక్కవు. కొన్ని అక్కడ, కొన్ని ఇక్కడ. డిస్కుని నమ్మినా, క్లౌడ్‌ని నమ్మినా ఈ అమ్మాయికి సగం పెళ్లే మిగిలేది. బ్రౌజర్‌లో లాగిన్ చేయించి ఆ 412 దింపుకున్నాం.

లెక్క సరిపోయింది. అయినా మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి ఆ అమ్మాయి చేతే తెరిపించాను. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. మిగతావి మనం చూడక్కర్లేదు. మా చంటిగాడు వీడియో ఫోల్డర్ మీద నొక్కబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాను.

ఎస్‌ఎస్‌డీ మళ్లీ ల్యాప్‌టాప్‌లో బిగించి, కాపీ ఉన్న హార్డ్‌డిస్క్ ఊడబీకి బల్ల సొరుగులో పెట్టాకే విండోస్ ఎక్కించనిచ్చాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదీ ల్యాప్‌టాప్‌కి తగిలి ఉంటే రెండు డిస్కులూ తెరమీద ఒక్కలాగే కనిపిస్తాయి, డిలీట్ దేనిమీద పడుతుందో కుర్రాడి తొందరని బట్టి ఉంటుంది.

మీరు సిస్టం ఇచ్చేముందు బిట్‌లాకర్ కీ దొరుకుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. కాపీ అయ్యిందన్నాక మీ కళ్లముందే ఫొటోలు తెరవమనండి. తెరవనంటే ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పక్క షాపుకి పొండి.