త్రిమూర్తులు గారి అమావాస్య లెక్క

మా రాజమండ్రిలో కింద వాటాలో ఉండే త్రిమూర్తులు గారికి ఆ పేరు వాళ్ళ నాయనమ్మ పెట్టిందట. ముందుచూపున్న మనిషి. ఆయన గుమాస్తాగా చేసిన సిమెంటు కొట్టు మూతబడ్డాక ఆయన ఒక్క ఉద్యోగం వెతుక్కోలేదు, మూడు పెట్టుకున్నాడు. సాయంత్రం పిల్లలకి లెక్కల ట్యూషను, ఇంట్లో ఇడ్లీపిండి అమ్మకం, ఫోనులో చీరల వ్యాపారం. ఏం చేస్తుంటారండీ అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, ఎదుటి మనిషిని ఓసారి ఎగాదిగా చూసి జవాబు చెబుతాడు. పట్టుచీర కట్టుకున్నావిడైతే చీరలంటాడు, చేతిలో స్టీలు గిన్నె ఉంటే పిండి అంటాడు.

ఇలాంటివాళ్ళు ఇప్పుడు ప్రతి వీధికీ ఒకరున్నారు. ఈయన ప్రత్యేకత అల్లా అమావాస్య లెక్క. నెలాఖరుకి, అంటే తెలుగు నెలాఖరుకి, రాత్రి భోజనాలయ్యాక వరండాలో చాపేసుకుని, మూడు వ్యాపారాల్లో ఏది ఉంచాలో ఏది దించాలో తేలుస్తాడు. అమావాస్యనాడు కొత్తపని మొదలెట్టకూడదు గానీ పాతపని మానేయడానికి దోషం లేదని ఆయన వాదన. నేను సాక్షిని. నాకు కాఫీ వస్తుంది.

ఆషాఢం ఆఖర్న చుక్కల అమావాస్యకి ఆయన మొహం పీక్కుపోయి ఉంది. ఆ నెల చాలా జరిగాయి. ఎనిమిదో తరగతి కుర్రాడు వర్గమూలం అర్థం కాలేదంటే, "కేజీ కావాలా, అరకేజీ చాలా?" అన్నాడు. పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో, రేపు పరీక్ష అని పెట్టాల్సిన చోట నెమలికంఠం రంగు చీర ఫొటో పెట్టాడు. అదేమో ఇద్దరు తల్లులు కొన్నారు కాబట్టి నష్టం లేదు. పిండిలో ఉప్పు రెండుసార్లు పడిన రోజు మాత్రం వీధి వీధంతా వచ్చింది.

ఈ పొరపాట్లన్నిటికీ ఆయన భార్య నాగమణి గారు నోటుపుస్తకం చివరి పేజీలో గీతలు పెడుతుంది. నెలకి అయిదు దాటితే ఏదో ఒకటి దించాలని ఆవిడ పెట్టిన షరతు. ఆ నెల పదకొండున్నాయి. ఎంత అలిసిపోయామో మనకి తెలీదు గానీ ఉప్పుకి తెలుస్తుందంటుంది ఆవిడ.

త్రిమూర్తులు గారు కళ్ళజోడు సవరించుకుని లెక్క చదివాడు. "ట్యూషను. తొమ్మిదిమంది పిల్లలు, తలకి 700, వెరసి 6,300. నెలకి 36 గంటలు. గంటకి 175. పిండి. రోజుకి పది కేజీలు, నెలకి పాతిక రోజులు. కేజీ 70కి అమ్మితే పప్పూ రవ్వా కరెంటూ పోను 30 మిగులు. పులిసిపోయిందీ అప్పుపోయిందీ తీసేస్తే నికరంగా 6,500. రోజుకి గంట లెక్కన 25 గంటలు. గంటకి 260! చీరలు ఎనిమిది అమ్మాం, చీరకి 250 మిగిలితే 2,000. దీనికి గంటల్లేవు, ఫోను ఎలాగూ చేతిలోనే ఉంటుంది కదా. కాబట్టి మాస్టారూ, గంటకి తక్కువొస్తోంది ట్యూషనే. తీసేద్దాం."

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"పిండికి గంటేవిటండీ?" అంటూ నాగమణి గారు గుమ్మంలోకొచ్చింది.

"కవర్లలో పోసి, తూచి, డబ్బులు తీసుకోవడానికి గంట పట్టదూ?"

"మినప్పప్పు దానంతటదే కడుక్కుని నానుతోందా? పప్పు కేజీన్నర, మన గ్రైండరు రెండు లీటర్లది, రెండు వాయిలు. మూడు కేజీల రవ్వ కడిగి పిండాలి, కలపాలి, రాయి ఎత్తి తోమాలి. రెండున్నర గంటలు నావి. నేను లెక్కలో లేనా, లేక గ్రైండరుతో పాటు కొన్నారా?"

ఆయన మాట్లాడకుండా 25 కొట్టేసి 87 వేశాడు. గంటకి 260 కాస్తా 75కి దిగింది. భార్య పనిని ఖర్చులోకి రాయకపోతే లోకంలో ఏ వ్యాపారమైనా లాభమేనని నాకు ఆ రాత్రి అర్థమైంది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆయన ఫోను తీసుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏ యాప్ మీద ఎంతసేపున్నారో చూపించే చోటు తెరిచి నా ముందు పెట్టింది. వాట్సాప్ ఒక్కటే రోజుకి రెండు గంటల పైమాట. "ఇంకో రంగుందా, బోర్డరు దగ్గర్నుంచి చూపించండి, మా ఆయన్నడిగి చెప్తా" అన్నవాళ్ళకి జవాబులు. నెలకి 60 గంటలు. చీరల గంట రేటు 33 రూపాయలకి పడింది. పైగా 18,000 అప్పుల్లో ఉంది.

"అయితే చీరలు దించుదాం" అన్నాన్నేను, కాఫీకి న్యాయం చేద్దామని.

"రేపు శ్రావణమండీ మాస్టారూ!" అన్నారిద్దరూ ఒకేసారి.

నిజమే. ఆషాఢంలో ఎనిమిది అమ్మినవాడు వరలక్ష్మీవ్రతానికి ముప్ఫై అమ్ముతాడు. పోయిన నెల రేటు చూసి వచ్చే నెల దుకాణం మూసేవాడు, పండగ ముందురోజు కొట్టు కట్టేసినవాడితో సమానం. ట్యూషనుకి ఇంకో చిక్కుంది. జూలైలో మానేస్తే పిల్లలు పక్కవీధి మాస్టారి దగ్గర చేరిపోతారు, మళ్ళీ జూన్ దాకా తిరిగి చూడరు. పిండి అలా కాదు. నెల్లాళ్ళు ఆపి తిరిగి మొదలెడితే గిన్నె పట్టుకుని అదే జనం వస్తారు. కార్తీకం సోమవారాలైతే, పగలంతా ఉపవాసం ఉండి చుక్కను చూశాక టిఫిను తినేవాళ్ళు వద్దన్నా వస్తారు. ఎంతొస్తోందన్నదే కాదు, మూసిన తలుపు మళ్ళీ తెరుచుకుంటుందా అన్నది చూడాలని నాగమణి గారు ఒక్క ముక్కలో తేల్చింది.

తలనొప్పి అసలు మొత్తం గంటల్లో లేదని కూడా ఆవిడే పట్టుకుంది. పదకొండు గీతల్లో తొమ్మిది సాయంత్రం ఆరుకీ ఏడున్నరకీ మధ్యవే. ఆ గంటన్నరలోనే గ్రైండరు తిరుగుతుంది, పిల్లలు ఎక్కాలు అరుస్తారు, గిన్నెలవాళ్ళు గేటు కొడతారు, చీరలవాళ్ళు ఫోను కొడతారు. మూడు వ్యాపారాలున్నా సాయంత్రం ఒక్కటే మరి.

తీర్మానం ఇలా రాశారు. శ్రావణంలో పిండి శనివారం మాత్రమే, మధ్యాహ్నమే రుబ్బి ఇరవై కేజీలు. ఆదివారం ఇడ్లీ వేసుకోని ఇల్లుండదు కాబట్టి అది పోతుంది. నెలకి 2,400 వచ్చినా శ్రమ 18 గంటలే. రాయి ఎన్ని కేజీలకైనా ఒక్కసారే తోముతారు కదా, గంట రేటు 133కి లేచింది. చీరలకి జవాబులు రాత్రి తొమ్మిది తర్వాతే, అప్పు ఇవ్వరు. ఫోను ట్యూషను టైములో బియ్యం డబ్బాలో ఉంటుంది. ముప్ఫై చీరలూ పోతే మొత్తం 14,800 నుంచి 16,200 అవుతుంది, పోకపోయినా నడుం మిగులుతుంది.

శ్రావణం మొదటి సోమవారం సాయంత్రం నేను పైనుంచి దిగుతున్నాను. గ్రైండరు మీద పాత తువ్వాలు కప్పి ఉంది. నాగమణి గారు గుమ్మం మెట్టు మీద కాళ్ళు బారజాపుకుని, వేడి టీ ఊదుకుంటూ, వీధిలోకి చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఆ వేళప్పుడు కూర్చుని చూడటం అదే మొదలు. లోపల్నుంచి త్రిమూర్తులు గారు చీరల మూటతో వచ్చాడు.

"నాగమణీ, ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా, ఈ పన్నెండూ కాస్త మడతపెట్టి ఫొటోలు తీస్తావా?"

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, నోటుపుస్తకం తెప్పించుకుని, చివరి పేజీ తీసి ఒక గీత పెట్టింది. కాసేపాగి, దాని పక్కన ఇంకోటి.